నమస్కారం పైకి, దీవెన కిందికి

కడపలో మా ఇంట్లో పొద్దున్నే లేచి ఒకరికొకరు నమస్కారం చెప్పుకునే అలవాటు ఏనాడూ లేదు. మంచం దిగి ఎదురుగా వచ్చి నిలబడ్డా సరే, జేజి "లేచావా?" అనే అడిగేది. అమ్మ "ముఖం కడుక్కున్నావా?" అనేది. నాయన పేపరు దించకుండానే "రాత్రి దోమలు కుట్టాయా?" అనేవాడు. మా పలకరింపులన్నీ ప్రశ్నలే. వాటికి జవాబు ఎవరికీ అక్కర్లేదు, 'ఊఁ' అంటే చాలు. మా తమ్ముడు కాన్వెంటులో చేరిన కొత్తలో ఒకరోజు వంటింటి గడపలో నిలబడి "గుడ్ మార్నింగ్ అమ్మా" అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పి, "ఏం కావాలిరా?" అంది. ఇంట్లోవాళ్ల మధ్య అంత మర్యాద వచ్చిందంటే దాని వెనక ఏదో బేరం ఉందనే మా అమ్మ లెక్క.

నమస్కారం రాజ్యమంతా వసారాలోనే ఉండేది. వసారా అంటే వీధిగుమ్మానికీ నడింటికీ మధ్య, రెండు చెక్క కుర్చీలు, ఒక బెంచీ, గోడకు పంచాంగం క్యాలెండరు. వచ్చినవాళ్లు అక్కడ కూర్చునేవారు. మేము పిల్లలం లోపలినుంచి వచ్చి నమస్కారం పెట్టి, మంచినీళ్లు ఇచ్చి, మళ్లీ లోపలికి వెళ్లిపోవాలి. ఈ వ్యవహారమంతా జేజి ఆధ్వర్యంలో నడిచేది. జేజి బడికి వెళ్లింది లేదు కానీ నమస్కారం విషయంలో ఆమెకున్నంత పట్టింపు ఏ వ్యాకరణ పండితుడికీ ఉండదు.

చిన్నవాళ్లే ముందు పెట్టాలి, అది అందరికీ తెలిసిందే. చేతిలో ఏముంటే అది కింద పెట్టి పెట్టాలి. చెంబు ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి ఛాతీ దగ్గరకు తెస్తే, "సగం నమస్కారం ఎవరికి?" అనేది. అన్నం తింటున్నవాళ్లకు పెట్టకూడదు. వాళ్ల చెయ్యి ఎంగిలిగా ఉంటుంది, ఎత్తి దీవించలేరు, చెయ్యి కడుక్కునేదాకా ఆగాలి. పడుకున్నవాళ్లకు పెట్టకూడదు, అలా పెట్టేది పోయినవాళ్లకే. పెద్దవాళ్లు లేచి కూర్చున్నాకే కాళ్లు ముట్టుకోవాలి. తడిబట్టతో దేవుడి గూటి వైపు వెళ్తున్నవాళ్ల దారికి అడ్డం పడి నమస్కారం పెట్టకూడదు. ఇక చావు జరిగిన ఇంట్లో అసలు పలకరింపే లేదు. నమస్కారం లేదు, "బాగున్నారా" లేదు. పోయి కూర్చోవాలి, వాళ్లు మాట్లాడితే వినాలి, లేచి వచ్చేయాలి. మామూలు రోజుల్లో "వెళ్లొస్తాం" అనకుండా గడప దాటితే తిట్టే జేజి, అక్కడ మాత్రం ఆ మాట అన్నందుకు తిట్టేది. మళ్లీ వస్తామనకూడని చోటు అదొక్కటే.

ఇవన్నీ చిన్నవాళ్ల వైపు నుంచి. పెద్దవాళ్ల వైపు నుంచి ఒకటే సూత్రం. నమస్కారానికి నమస్కారం తిరిగి పెట్టకూడదు. "చల్లగా ఉండు" అనాలి, "నూరేళ్లు బతుకు" అనాలి, ఏమీ తోచకపోతే "ఎన్నో తరగతి?" అని అయినా అడగాలి. చేతులు మాత్రం జోడించకూడదు. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చేతులు జోడిస్తే చిన్నవాళ్ల ఆయుష్షు తగ్గుతుందని జేజి గట్టి నమ్మకం. ఆ నమ్మకం మా వైపు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. నమస్కారం పైకి పోతుంది, దీవెన కిందికి వస్తుంది, మా ఇంటి లెక్క అంతే. సమానంగా అటూ ఇటూ చేతులు జోడించుకునేది వియ్యంకులే. వాళ్లలో ఒకరు నలభై ఏళ్లవాడైనా, ఇంకొకరు అరవై దాటినవాడైనా ఇద్దరూ ఒకేసారి జోడించాలి. ఎవరి చేతులు ముందు విడిపోయాయో చూసి, ఇంటికి పోయాక ఆడవాళ్లు మాట్లాడుకునేవారు.

ఈ పైకీ కిందికీ లెక్క నేను మొదటిసారి మొత్తంగా విన్నది ఒక టేపురికార్డర్‌లో. మా చిన్నాయన కువైట్‌లో పనిచేసేవాడు. మా జిల్లా నుంచి ఆ రోజుల్లో అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది. ఫోను చెయ్యాలంటే నిమిషాల లెక్కన డబ్బు, పైగా మా ఇంట్లో ఫోను లేదు. ఉత్తరం రాస్తే జేజికి ఎవరో ఒకరు చదివి పెట్టాలి. అందుకని చిన్నాయన క్యాసెట్టులో మాటలు నింపి, సెలవుకు ఊరికి వస్తున్నవాళ్ల చేతికి ఇచ్చి పంపేవాడు. ఇంటిల్లిపాదీ నడింట్లో చుట్టూ కూర్చుని వినేవాళ్లం.

క్యాసెట్టులో మొదటి వైపు సగం పలకరింపులే. "అమ్మకు నమస్కారాలు. అన్నకు నమస్కారాలు. వదినకు నమస్కారాలు." ఇలా వరసలో పైనుంచి మొదలుపెట్టి మెల్లగా కిందికి దిగేవాడు. కొంతసేపటికి 'నమస్కారాలు' పోయి 'ఆశీస్సులు' మొదలయ్యేవి. మా అందరి పేర్లూ వయసు వరసలో వచ్చేవి. చివర ఉయ్యాలలో ఉన్నవాళ్లకు ముద్దులు. ఆ నమస్కారాలు ఆగి ఆశీస్సులు మొదలయ్యే చోటు ఎక్కడో వినడానికే అందరూ చెవులు రిక్కించేవాళ్లు. మా చిన్నమ్మ, అంటే ఆయన భార్య, ఈ జాబితాలో ఎక్కడా ఉండేది కాదు. భార్యకు నమస్కారం చెప్పకూడదు, ఆశీస్సులు చెప్తే నవ్వుతారు, ఇక అందరి ముందు మోగే టేపులో మిగిలింది ఏముంది? "మీ చిన్నమ్మను అడిగానని చెప్పండి" అని పిల్లల పేర్ల మధ్యలో ఒక ముక్క వచ్చేది. ఆ ముక్క వచ్చినప్పుడు చిన్నమ్మ వంటింట్లో ఏదో గిన్నె సర్దుతూ ఉండేది. క్యాసెట్టు అయిపోయి అందరూ లేచాక, మొత్తం తనొక్కతే వెనక్కి తిప్పుకుని వినేది.

ఒకసారి జాబితాలో మా మేనత్త పేరు జారిపోయింది. నాయనకు అక్క, చిన్నాయనకు కూడా అక్కే. ఆమె ఆ రోజు ప్రొద్దుటూరు నుంచి వచ్చి, పనికట్టుకుని కూర్చుని విన్నది. పేర్లు పిల్లల దాకా దిగిపోయాయి. క్యాసెట్టు రెండో వైపు కూడా అయిపోయింది. "పరవాలేదులే, అంత దూరంలో ఉన్నాడు" అంటూ కాఫీ కూడా తాగకుండా బస్టాండుకు బయలుదేరింది. తర్వాతి క్యాసెట్టు ఆమె పేరుతోనే మొదలైంది, అమ్మ కంటే ముందు. దానికి జేజి అలిగింది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక చిన్నాయన చేతిసంచీతో తిరిగి వచ్చాడు. ఆ రోజు వసారాలో ఎవరూ నమస్కారాలు పెట్టుకోలేదు. ఇంటి మనిషి గడపలోకి వస్తే పెట్టరు కదా. "చిక్కిపోయావు, స్నానం చెయ్యి, అన్నం పెడతా" అని మూడు మాటలూ ఒక్క ఊపిరిలో అంది జేజి.

అసలు చిక్కు అంతకు ముందే, 1980ల చివర్లో, నాయన ఆఫీసులో వచ్చింది. నాయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటు అయ్యాడు. రిటైర్మెంటుకు ఇంకా సమయం ఉంది. ఆ ఆఫీసుకు కొత్త అధికారిగా ఎవరు వచ్చారంటే, క్యాసెట్టులో పేరు జారిపోయిన ఆ మేనత్త కొడుకు. నాయనకు సొంత మేనల్లుడు, నాకు బావ. పోటీ పరీక్ష రాసి నేరుగా పై ఉద్యోగంలోకి వచ్చిన కుర్రవాడు. చిన్నప్పుడు సెలవులకు వచ్చి మా వసారాలో గోళీలాడినవాడు. నాయన అతన్ని భుజాల మీద ఎక్కించుకుని దేవుని కడప తిరునాళ్లకు తీసుకెళ్లేవాడట.

మొదటి రోజు ఆఫీసంతా వరసలో నిలబడింది. పూలదండలు, నిమ్మకాయలు. కొత్త అధికారి వస్తే చేతిలో నిమ్మకాయ పెట్టి నమస్కరించడం ఆ కాలపు ఆఫీసు మర్యాద. హోదా ప్రకారం నాయనే అందరికంటే ముందు వెళ్లాలి. వెళ్లాడు. నిమ్మకాయ ఇచ్చి, రెండు చేతులూ జోడించి "నమస్కారం సార్" అన్నాడు. బావ కుర్చీలోంచి సగం లేచాడు. పూర్తిగా లేస్తే వెనక వచ్చే ప్రతి ఒక్కరికీ లేవాలి. లేవకపోతే మేనమామ. ఆ సగం లేచిన భంగిమలోనే వరస మొత్తం అయ్యేదాకా ఉండిపోయాడని నాయన ఇంటికొచ్చి చెప్పి నవ్వాడు కానీ, ఆ నవ్వులో కొంచెం ఇబ్బంది కూడా ఉంది.

ఆ సాయంత్రమే బావ మా ఇంటికి వచ్చాడు. ఆఫీసు జీపులో వచ్చాడు, అదే చిక్కయింది. వీధిలో దిగి, చెప్పులు విప్పి, వసారాలో నాయన కనిపించగానే వంగి కాళ్లు ముట్టుకున్నాడు. గేటు దగ్గర డ్రైవరు చూస్తూనే ఉన్నాడు. మర్నాడు పదిన్నరకల్లా ఆఫీసు మొత్తానికి తెలిసిపోయింది. ఇక సెలవు కావలసినవాళ్లు, సీటు మార్చుకోవాలనుకునేవాళ్లు, అందరూ ముందు నాయన టేబుల్ దగ్గరకు వచ్చి నిలబడ్డం మొదలైంది. "మీరు ఒక మాట చెప్తే" అని. నాయనకు అది ప్రాణాంతకంగా అనిపించింది. జీవితమంతా ఎవరికీ సిఫారసు చేయనివాడు, ఎవరి సిఫారసూ అడగనివాడు.

రెండో చిక్కు మేనత్త నుంచి వచ్చింది. తన కొడుక్కు తన తమ్ముడు రోజూ చేతులు జోడిస్తున్నాడని విని ఆమె హడలిపోయింది. ఆయుష్షు సంగతి. ఆదివారం ప్రొద్దుటూరు నుంచి వచ్చేసింది. నాయన "నేను దణ్ణం పెట్టేది కుర్చీకి అక్కా, పిల్లవాడికి కాదు" అన్నాడు. అందరూ అనే మాటే అది. "కుర్చీలో కూర్చున్నది నా కొడుకే కదరా" అంది అత్త. దానికి నాయన దగ్గర జవాబు లేదు.

దారి చూపించింది జేజి. ఇద్దరూ ఆమె పిల్లలే, మూడోవాడు మనవడు, ముగ్గురి గురించీ ఆమెకే పట్టింపు. "ఆ ఇంగ్లీషు పలకరింపు ఒకటి ఉందిగా, బడిపిల్లలు అరుస్తారే, అది అనుకోండి ఇద్దరూ" అంది. నాయన మొదట నవ్వాడు. తర్వాత ఆలోచించాడు. దొరల కాలం నుంచీ ఆఫీసులో ఉన్న మాటే, కొత్తదేమీ కాదు. గుడ్ మార్నింగ్‌కు పైకీ కిందికీ లేదు. నాయన అంటే బావ కూడా అవే రెండు మాటలు తిరిగి అనవచ్చు. ఎవరూ చేతులు జోడించనక్కర్లేదు, ఎవరూ దీవించనక్కర్లేదు. చంకలో ఫైళ్లున్నా అనవచ్చు. వయసులో పెద్దకు చిన్న చెప్పినట్టూ ఉంటుంది, హోదాలో పెద్దకు చిన్న చెప్పినట్టూ ఉంటుంది, చూసేవాళ్లు ఏది కావాలంటే అది అనుకోవచ్చు.

సోమవారం నుంచి అది మొదలైంది. అయితే దానికీ కొన్ని ఇరుకులున్నాయని త్వరలోనే తేలింది. గుడ్ మార్నింగ్‌కు మధ్యాహ్నం పన్నెండు దాకానే చెల్లుబాటు. పొద్దున బావ క్షేత్ర పర్యటనకు వెళ్లి, భోజనం వేళ దాటాక ఆఫీసుకు వస్తే ఏమనాలి? 'గుడ్ ఆఫ్టర్‌నూన్' నాయన నోటికి ఎప్పుడూ సరిగ్గా పట్టలేదు. అందుకని ఆ రోజుల్లో తన ఫైళ్లు అటెండరు చేత పంపేవాడు, లేదా సాయంత్రం నాలుగు దాకా ఆగి 'గుడ్ ఈవినింగ్' అనేవాడు. రోజుకు ఒక్కసారి అంటే చాలు, రెండోసారి ఎదురైతే తల కొంచెం ఊపితే సరిపోతుంది, అదొక సుఖం. నమస్కారం అలా కాదు, వరండాలో నాలుగుసార్లు ఎదురైతే నాలుగుసార్లూ చెయ్యి లేస్తుంది. ఆ ఆఫీసు రాత్రి కాపలాదారు మాత్రం తనదైన పద్ధతిలో పోయేవాడు. చీకటి పడ్డాక ఎవరు ఎదురొచ్చినా, వస్తున్నవాళ్లయినా సరే, "గుడ్ నైట్ సార్" అని సెల్యూట్ కొట్టేవాడు. ఆ మాట సెలవు తీసుకునేటప్పుడు అనేదని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు.

పలకరింపు తేలినా, ఆ తర్వాత వచ్చే వాక్యం మిగిలే ఉంది. మన భాషలో క్రియ విప్పగానే మనిషి ఎవరో చెప్పేయాలి కదా. 'మీరు సంతకం చేస్తారా' అంటే మేనల్లుణ్ణి మన్నించడం, 'చేస్తావా' అంటే అధికారిని తక్కువ చేయడం. నాయన దీనికి మంచి ఉపాయం కనిపెట్టాడు. ఆఫీసులో బావతో మాట్లాడినంతకాలం వాక్యంలో ఎదుటి మనిషే లేకుండా చూసుకున్నాడు. "ఈ కాగితం మీద సంతకం కావాలి సార్." "కలెక్టరేట్ నుంచి జవాబు వచ్చింది సార్." "ఇది రేపటికి పెట్టుకోవచ్చునేమో." బావ కూడా అదే దారి పట్టాడు. 'మామా' అనలేడు, పేరు పెట్టి పిలవలేడు, 'సూపరింటెండెంట్ గారూ' అంటే అక్కడే ఉన్న అటెండరుకు నవ్వొస్తుంది. "ఆ లెక్కలు ఎంతవరకు వచ్చాయి?" అని ఫైలును అడిగినట్టు అడిగేవాడు. ఇద్దరూ అలా మనుషులు లేని తెలుగులో రెండేళ్లకు పైగా ఉద్యోగం చేశారు. ఇంటికి వస్తే ఒకరు "ఏమిరా", ఇంకొకరు "మామా". గేటు బయట మాత్రం ఏమీ లేదు. కాళ్లు ముట్టుకోవడం గుమ్మం దాటి నడింట్లోకి వచ్చాకే అని నాయన కట్టడి పెట్టాడు, డ్రైవరు దృష్టికి అందకుండా.

ఏడాదికి రెండు రోజులు ఈ ఏర్పాటు మొత్తం తలకిందులయ్యేది. జనవరి 1న ఆఫీసు ఆనవాయితీ ప్రకారం అందరితో పాటు నాయన కూడా నిమ్మకాయలు, యాపిల్ పళ్ల సంచీ పట్టుకుని బావ ఉండే క్వార్టర్సుకు వెళ్లేవాడు. "హ్యాపీ న్యూ ఇయర్ సార్." బావ నిమ్మకాయ తీసుకుని "సేమ్ టు యూ" అనేవాడు. లోపల వంటింట్లో ఉన్న మేనత్త అప్పుడు బయటకు వచ్చేది కాదు. ఉగాదికి అదే బావ కొత్త పంచె కట్టుకుని మా ఇంటికి వచ్చి, నాయనకు, అమ్మకు, జేజికి వరసగా కాళ్లకు దణ్ణం పెట్టి, ఒక్కొక్కరి దగ్గరా పది రూపాయలు పుచ్చుకునేవాడు. అతని జీతం నాయన జీతం కంటే ఎక్కువ. అయినా ఆ పది నోటు తీసుకోకపోతే జేజి ఊరుకునేది కాదు. జనవరి 1న ఇచ్చిన నిమ్మకాయ ఆమె దృష్టిలో అప్పు, ఉగాదికి అది తీరిపోతుంది.

ఉగాది అంటే మా వీధిలో ఇంకో ముచ్చట కూడా ఉండేది. ఆ రోజు ముస్లింలు కూడా దేవుని కడప వేంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్తారు. బీబీ నాంచారమ్మ వాళ్ల ఆడపిల్ల కాబట్టి స్వామి వాళ్లకు అల్లుడు. మా పక్కింటి దర్జీ కుటుంబం టెంకాయ, పూలు తీసుకుని వెళ్లి వచ్చేది. వీధిలో ఎదురైతే నాయన "సలాం భాయ్" అనేవాడు, ఆయన "నమస్కారం సార్" అనేవాడు. ఇద్దరూ ఒకే క్షణంలో అనేసేవాళ్లు, అవతలివాళ్ల పలకరింపు తానే ముందు అందుకోవాలని పోటీ. పెద్దదర్గా ఉరుసు రోజుల్లోనూ ఇదే తంతు. చర్చి వీధిలో ఉండే మా లెక్కల టీచరుగారితో మాత్రం "వందనాలమ్మా" అనేవాళ్లం, ఆమె కూడా "వందనాలు" అనేది. ఎవరికి ఏది అనాలో మాకు ఎవరూ పాఠం చెప్పలేదు, గుమ్మాలను బట్టి వచ్చేసింది.

పెళ్లయి నేను అనంతపురం వెళ్లాక, అత్తవారింట్లో ఫోను ఉంది. అక్కడ ఎదురైంది 'హలో'. మా మామగారు రిటైర్డ్ ఉపాధ్యాయులు. ఫోను ఎత్తి హలో అనేవారు కాదు, "నమస్కారం, ఎవరు మాట్లాడుతున్నారు?" అనేవారు. ఆయన వాదన ఆయనది. నాకైతే ఫోనులో హలోనే నయం అనిపించేది. మొదటిసారి ఆ మాటను టెలిఫోనుకు వాడమని 1877లోనే ఎడిసన్ సూచించాడంటారు. దూరం నుంచి గట్టిగా పిలిస్తే అందే మాట కాబట్టి. మా అవసరం వేరు. అటు ఎత్తింది ఎవరో గొంతు వినేదాకా తెలియదు. అత్తగారా, మరిదా, పనికి వచ్చిన అమ్మాయా? ఎవరో తెలిసేదాకా నిలబడడానికి ఒక చోటు కావాలి. హలో ఆ చోటు. అవతలి గొంతు తెలిసిన మరుక్షణం హలో పని అయిపోయింది. "నమస్కారం మామగారూ" అనో, "ఏమమ్మా బాగున్నావా" అనో దిగిపోవచ్చు. అందుకే ఎదురుగా కళ్లతో కనిపిస్తున్న పెద్దమనిషిని హలో అంటే తప్పుగా తోస్తుంది. నువ్వెవరో నాకింకా తెలియలేదు అన్నట్టు ఉంటుంది కదా.

మామగారు ఉన్నన్నాళ్లూ ఆ ఫోనుకు నేనెప్పుడూ నమస్కారం అని ఎత్తలేదు, ఆయనెప్పుడూ హలో అని ఎత్తలేదు. అటు ఫోను చేసిన మా అమ్మకు మాత్రం ఎత్తింది ఎవరో మొదటి మాటకే తెలిసిపోయేది. మామగారు నమస్కారం అనగానే, చేతిలో రిసీవరు ఉన్నా లేచి నిలబడి, ఒక చెయ్యే అయినా ఛాతీ దగ్గరకు తెచ్చుకునేదట. వియ్యంకుడు కదా. జేజి చూసి ఉంటే "సగం నమస్కారం" అనేది.

తర్వాత నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. స్టాఫ్ రూములో నాయన నేర్పిన విద్య పనికొచ్చింది. ప్రిన్సిపాలుకు, తోటివాళ్లకు గుడ్ మార్నింగ్. మూల బల్ల దగ్గర కూర్చునే తెలుగు మాస్టారికి మాత్రం నమస్కారం. ఆయన కొత్త సంవత్సరం శుభాకాంక్షలు కూడా ఉగాదికే స్వీకరిస్తారు. నా దగ్గర చదువుకున్న అమ్మాయి అదే కాలేజీకి లెక్చరరుగా వచ్చినప్పుడు, మొదటి వారం ఆమె ఏమనాలో తోచక గుమ్మం దగ్గరే తచ్చాడేది. నమస్కారం పెడితే ఇంకా విద్యార్థిలా ఉంటుంది, గుడ్ మార్నింగ్ అంటే పొగరులా ఉంటుంది. చివరికి 'నమస్తే మేడమ్' దగ్గర స్థిరపడింది. చేతులు సగమే లేస్తాయి, పుస్తకాలు చంకలోనే ఉంటాయి, గొంతులో చనువూ ఉంటుంది. మా తర్వాతి తరం ఆఫీసుల్లో అదే ఎక్కువ వినిపిస్తోంది. నేను ఆమెకు 'గుడ్ మార్నింగ్' అనే తిరిగి చెప్పేదాన్ని. నమస్తే అంటే ఆమె ఆయుష్షు సంగతి ఎందుకొచ్చిన గొడవ అని నాలో జేజి.

ఇప్పటి పిల్లలది 'హాయ్'. మా తమ్ముడి మనవరాలు బెంగళూరులో ఉంటుంది, వీడియో కాల్‌లో "హాయ్ అవ్వా" అంటుంది. నాకు అందులో తప్పేమీ కనిపించదు. అది మా అమ్మ "ముఖం కడుక్కున్నావా" లాంటి ఇంటి పలకరింపే. వాళ్లమ్మకు మాత్రం దిగులు. పండక్కి కడప వచ్చేముందు ఫోను చేసి, "ముత్తాతకు ఏమని చెప్పమనాలి అత్తమ్మా, హాయ్ అంటే బాగుండదేమో" అని అడిగింది. ముత్తాత అంటే మా నాయన. ఎనభై దాటాయి. ఎక్కువగా మంచం మీదే ఉంటాడు. "హాయ్ అంటే అననీ, దణ్ణం పెట్టాలంటే మాత్రం ముందు ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాలి" అన్నాను. పిల్ల వచ్చి రెండూ చేసింది, ముందు హాయ్, తర్వాత దణ్ణం. నాయన రెండింటికీ కలిపి వంద నోటు ఇచ్చాడు.

బావ రిటైరై కర్నూలులో స్థిరపడ్డాడు. ఉద్యోగం పోయాక అతనికి వాట్సాప్ దొరికింది. మా కుటుంబం గ్రూపులో రోజూ తెల్లారకముందే గులాబీ పువ్వు మీద 'శుభోదయం', దాని కింద వేంకటేశ్వరస్వామి. ఎవరూ జవాబివ్వరు. ఇవ్వకపోతే బావకు కోపం, ఇస్తే అందరి ఫోన్లూ పొద్దంతా మోగుతాయి. నాయనకు టైపు చెయ్యడం రాదు. నా కొడుకు ఆయనకు గొంతు పంపే మీట నొక్కడం నేర్పించాడు. ఈమధ్య ఒక ఉదయం నాయన దిండ్లకు ఆనుకుని కూర్చుని, గొంతు సవరించుకుని, గ్రూపులో అందరూ వినేలా "గుడ్ మార్నింగ్ సార్" అని పంపాడు. నిమిషం తిరక్కముందే ఫోను మోగింది. అటునుంచి హలో కూడా లేదు. "మామా, అమ్మ వింటే నన్ను చంపేస్తుంది!"